సైక్లింగ్, స్విమ్మింగ్ కోసం కాళ్ళు, చేతులు షేవ్ చేయాలా? నా ఓటు ట్రిమ్మర్‌కే, రేజర్ మాత్రం ఏడాదికి రెండుసార్లు

పోయిన సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు షార్ట్స్ వేసుకుని వరండాలో కూర్చున్నా. అమ్మ కాఫీ గ్లాసు ఇస్తూ ఆగిపోయింది. "ఏంట్రా ఆ కాళ్ళు? ఏమన్నా జబ్బా?" అంది. సైక్లింగ్ కోసం అమ్మా, గాలి తక్కువ తగులుద్ది అని చెప్పా. నాన్న పేపర్ దించకుండానే అడిగాడు, "ఎన్ని సెకన్లు కలిసొస్తాయేంటి?"

నిజం చెప్పాలంటే ఆ రోజు నా దగ్గర సమాధానం లేదు. గ్రూపులో నలుగురు చేస్తున్నారు కాబట్టి నేనూ చేశా, అంతే. ఫోన్ కొనాలంటే పది రివ్యూలు చూసి, బెంచ్‌మార్కులు పోల్చుకుని గానీ కొనని మనం, ఒంటి మీద బ్లేడ్ పెట్టేటప్పుడు మాత్రం ఒక్క నంబర్ కూడా చూడం. తర్వాత దానికి నేను మూల్యం కూడా చెల్లించాను, ఆ సంగతి కింద చెప్తా. ముందు నాన్న అడిగిన ప్రశ్న సంగతి చూద్దాం.

ఎన్ని సెకన్లు? రెండు టెస్టులు, రెండు సమాధానాలు

సైక్లింగ్‌లో ఈ విషయం మీద అందరూ చెప్పే నంబర్లు రెండే. మొదటిది 1987లో చెస్టర్ కైల్ చేసిన టెస్ట్. ఆయన లెక్కలో కాళ్ళు షేవ్ చేస్తే గాలి నిరోధం తగ్గేది 0.6 శాతం. గంటకి 37 కిలోమీటర్ల వేగంతో 40 కిలోమీటర్లు తొక్కితే మిగిలేది 5 సెకన్లు. దాదాపు పాతికేళ్ళ పాటు అందరూ ఇదే నమ్మారు. షేవింగ్ అంటే వేగం కోసం కాదు, సంప్రదాయం కోసం అనుకున్నారు.

రెండోది 2014లో వచ్చింది. అమెరికాలో స్పెషలైజ్డ్ సైకిల్ కంపెనీకి సొంత విండ్ టన్నెల్ ఉంది. జెస్సీ థామస్ అనే ట్రయాథ్లీట్ అక్కడికి వెంట్రుకల కాళ్ళతో వెళ్ళి ఒక రన్, షేవ్ చేసుకుని ఇంకో రన్ చేశాడు. నిరోధం 7 శాతం దాకా తగ్గింది. నమ్మబుద్ధి కాక ఇంకొందరిని పిలిచి మొత్తం ఆరుగురి మీద టెస్ట్ చేశారు. 40 కిలోమీటర్లకి తక్కువలో తక్కువ 50 సెకన్లు, ఎక్కువలో ఎక్కువ 82 సెకన్లు కలిసొచ్చింది. వెంట్రుకలు దట్టంగా ఉన్నవాడికే ఎక్కువ లాభం అని కూడా తేలలేదు.

0.6 ఎక్కడ, 7 ఎక్కడ! పదిరెట్లకి పైగా తేడా. ఒకే ఫోన్‌కి ఒక సైట్ 5 గంటల బ్యాటరీ అని, ఇంకో సైట్ 50 గంటలు అని రాస్తే మనం ఏం చేస్తాం? రెండిటినీ అనుమానంగా చూస్తాం. ఇక్కడా అదే చేయాలి. స్పెషలైజ్డ్ టెస్ట్‌లో నిజమైన మనుషులు ఉన్నారు, కానీ ఆరుగురే. అది ఒక కంపెనీ వీడియోలో చూపించిన ఫలితం, పరిశోధన పత్రం కాదు. కాబట్టి ఆ రెండు నంబర్ల మధ్యలో ఎక్కడో నిజం ఉందనుకుని, రెండు చివర్లకీ నా లెక్క నేను వేసుకున్నా.

నా లెక్క

నేను తొక్కేది ఎక్కువగా హైదరాబాద్ ఓఆర్ఆర్ పక్కన సోలార్ కప్పు ఉన్న సైకిల్ ట్రాక్ మీద. నానక్‌రామ్‌గూడ, నార్సింగి, కొల్లూరు వైపు మొత్తం 23 కిలోమీటర్లు. సిగ్నళ్ళు, బస్సులు లేని చోటు కాబట్టి లెక్కకి బాగుంటుంది. నేనూ సైకిలూ కలిపి 85 కిలోలు. ఒంటరిగా, వంగి తొక్కితే గంటకి 30 కిలోమీటర్లు పట్టుకోగలను. ఆ వేగంలో నా కాళ్ళు పెట్టే శక్తి సుమారు 156 వాట్లు. అందులో 121 గాలిని తోయడానికే పోతుంది, మిగతా 35 టైర్లు రోడ్డు మీద దొర్లడానికి.

40 కిలోమీటర్లకి నాకు పట్టేది 80 నిమిషాలు. గాలి నిరోధం 7 శాతం తగ్గిందనుకుని అదే 156 వాట్లతో లెక్క వేస్తే వేగం 30 నుంచి సుమారు 30.7కి వెళ్తుంది. మిగిలేది నిమిషం ముప్పావు, అంటే సుమారు 105 సెకన్లు. అదే 0.6 శాతం అనుకుంటే మిగిలేది 9 సెకన్లు.

ఇక్కడ ఒక తమాషా ఉంది. ప్రొఫెషనల్ రైడర్‌కి 70 సెకన్లే వస్తే, నాలాంటి నెమ్మది మనిషికి 105 ఎలా వచ్చింది? ఎందుకంటే నేను రోడ్డు మీద ఎక్కువసేపు ఉంటా. శాతం కాస్త తక్కువైనా అది ఎక్కువ నిమిషాల మీద పడుతుంది కాబట్టి సెకన్లు ఎక్కువగా కనిపిస్తాయి. "మన స్పీడ్‌కి ఏరో ఎందుకు" అనేవాళ్ళ మాట అందుకే పూర్తిగా కరెక్ట్ కాదు.

కానీ ఈ లెక్క ఒంటరిగా, ఆగకుండా, ఒకే పొజిషన్‌లో తొక్కేవాడికి మాత్రమే. గ్రూపులో ముందువాడి వెనకాల దాక్కుంటే గాలి ఎలాగూ చాలా తగ్గిపోతుంది, అప్పుడు ఈ లాభమూ తగ్గిపోతుంది. 200 కిలోమీటర్ల బ్రెవేకి ఇచ్చే టైమ్ 13 గంటల 30 నిమిషాలు. అందులో టీ కోసం, ఇడ్లీ కోసం, కంట్రోల్ పాయింట్ దగ్గర స్టాంప్ కోసం గంటన్నర ఆగేవాడికి ఈ సెకన్లు ఏం మార్చవు. వదులు టీషర్ట్ గాలికి టపటపా కొట్టుకుంటూ కాళ్ళు మాత్రం నున్నగా ఉంటే, రూట్ చేసిన ఫోన్‌కి పగిలిన స్క్రీన్ ఉన్నట్టే. ముందు ఒంటికి అతుక్కునే జెర్సీ కొనండి.

నీళ్ళలో సంగతి వేరు

స్విమ్మింగ్‌లో వాదన ఇంకొంచెం గట్టిది. గాలి కంటే నీళ్ళ సాంద్రత దాదాపు 800 రెట్లు ఎక్కువ. పైగా ఇక్కడ పరిశోధన పత్రం ఉంది. 1989లో షార్ప్, కాస్టిల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు శిక్షణ ఉన్న స్విమ్మర్లతో బ్రెస్ట్‌స్ట్రోక్ ఈదించి, కొందరికి షేవ్ చేయించి మళ్ళీ ఈదించారు. షేవ్ చేసినవాళ్ళలో అదే వేగానికి రక్తంలో లాక్టేట్ తగ్గింది, ఒక్కో స్ట్రోక్‌కి వెళ్ళే దూరం 2.07 మీటర్ల నుంచి 2.31 మీటర్లకి పెరిగింది.

నాకు బాగా నచ్చింది వాళ్ళు చేసిన అదనపు టెస్ట్. స్విమ్మర్‌ని తాడుతో కట్టేసి, కదలకుండా ఒకే చోట ఈదించారు. అప్పుడు షేవింగ్ వల్ల ఏ తేడా రాలేదు. తర్వాత గోడని తన్ని, చేతులు కాళ్ళు ఆడించకుండా జారనిచ్చారు. అప్పుడు షేవ్ చేసినవాళ్ళ వేగం నెమ్మదిగా తగ్గింది. అంటే ఒంట్లో బలం ఏం పెరగలేదు, నీళ్ళు లాగిపట్టుకోవడమే తగ్గింది. మనం కోడ్‌లో బగ్ ఎక్కడుందో పట్టుకోడానికి ఒక్కో మాడ్యూల్‌ని విడదీసి చూసినట్టే ఉంది.

అయితే ఇది కూడా టెక్నిక్ ఉన్నవాళ్ళకే. ఈదుతుంటే నడుము కిందికి దిగిపోయేవాడు, ఊపిరి కోసం తల మొత్తం పైకెత్తేవాడు వెంట్రుకల గురించి ఆలోచించక్కర్లేదు. పోటీ స్విమ్మర్లు కూడా ఏడాదంతా షేవ్ చేయరు. ముఖ్యమైన మీట్‌కి ముందే చేస్తారు. బ్లేడ్ వెంట్రుకలతో పాటు పైనున్న మృతచర్మం పొరని కూడా తీసేస్తుంది. అందుకే నీళ్ళు చర్మాన్ని కొత్తగా తాకుతున్నట్టు అనిపిస్తుంది. ఆ ఫీల్ రోజూ ఉంటే అలవాటైపోతుంది, అవసరమైన రోజు పనిచేయదు. కాళ్ళతో పాటు చేతులు కూడా తీయాల్సింది స్విమ్మర్లే. సైక్లిస్ట్‌కి టైమ్ ట్రయల్ అయితే తప్ప చేతుల జోలికి వెళ్ళక్కర్లేదని నా అభిప్రాయం.

నేను చేసిన తప్పు

ఇప్పుడు నా కథ. పోయినేడు మా ఆఫీసు టీమ్‌కి ఒక స్విమ్మింగ్ మీట్ ఉంది. నలుగురం రిలే. నాది మూడో లెగ్, 50 మీటర్ల ఫ్రీస్టైల్. మూడు నెలలు పొద్దున్నే అయిదున్నరకి లేచి ప్రాక్టీస్ చేశాం. మీట్ శనివారం. అంతకు ముందు ఆదివారం నాకు 100 కిలోమీటర్ల రైడ్ ఉంది. ఒకే దెబ్బకి రెండు పనులు అయిపోతాయి కదా అని శనివారం రాత్రి పదకొండింటికి బాత్రూమ్‌లో కూర్చున్నా. మొహానికి వాడే పాత రేజర్, అది కూడా మూడు వారాలది. ఫోమ్ అయిపోతే సబ్బు నురగ. ట్రిమ్ చేయకుండా పొడుగు వెంట్రుకల మీదే మొదలుపెట్టా. రెండు గీతలకే బ్లేడ్ మధ్యలో వెంట్రుకలు ఇరుక్కుపోయాయి. ఇక గట్టిగా నొక్కి, కింద నుంచి పైకి, ఒకే చోట నాలుగైదుసార్లు లాగా. గంటన్నర పట్టింది.

ఆదివారం ఇరవయ్యో కిలోమీటర్‌కే చెమట దిగి కాళ్ళు మండటం మొదలైంది. సోమవారం పొద్దున పూల్‌లో దిగా. బుధవారానికి రెండు తొడల ముందు భాగం, పిక్కల మీద ఒక్కో వెంట్రుక మొదట్లో చీము తల ఉన్న చిన్న చిన్న పొక్కులు. మెడికల్ షాపుకి వెళ్తే ఒక ట్యూబ్ చేతిలో పెట్టాడు. "అన్నిటికీ పనిచేస్తుంది సార్" అన్నాడు. రాశా. దురద తగ్గినట్టే తగ్గి, శుక్రవారానికి పొక్కులు రెట్టింపయ్యాయి. డాక్టర్ ఆ ట్యూబ్ చూసి, ఇందులో స్టెరాయిడ్ ఉంది, ఇన్ఫెక్షన్ ఉన్నచోట ఇది రాస్తే పైకి తగ్గినట్టు కనిపిస్తుంది, లోపల పెరుగుతుంది అని చెప్పారు. పొక్కులు మానేదాకా పూల్‌లో దిగొద్దన్నారు.

రిలేకి నలుగురే రిజిస్టర్ అయ్యాం. అయిదో మనిషి లేడు. శనివారం ముగ్గురూ బట్టలు కూడా మార్చుకోకుండా ప్రేక్షకుల్లో కూర్చున్నారు. ఎవరూ ఏమీ అనలేదు. మా నాలుగో లెగ్ ఈదాల్సినవాడు మాత్రం సాయంత్రం ఇంటికెళ్తూ, "బ్రో, ట్రిమ్మర్ ఉంది కదా నీ దగ్గర" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ గుర్తుంది. అందుకే ఈ ఆర్టికల్.

ట్రిమ్మర్ ఎందుకు చాలు

సైక్లిస్టులు షేవింగ్‌కి చెప్పే రెండో కారణం, పడినప్పుడు గాయం శుభ్రం చేయడం తేలిక, కట్టు విప్పేటప్పుడు నొప్పి ఉండదు అని. అది నిజమే. వెంట్రుకల కాలి మీద అతికిన ప్లాస్టర్ పీకినవాడికి ఎవరూ వివరించక్కర్లేదు. కానీ దానికి నున్నటి చర్మం అవసరం లేదు, పొట్టి వెంట్రుకలు చాలు.

పైగా షేవ్ చేస్తే ఇన్ఫెక్షన్ రాదు అనే మాట తలకిందులు. ఆపరేషన్ల గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో ఇచ్చిన మార్గదర్శకాలు ఏం చెప్తాయంటే, వెంట్రుకలు అసలు తీయకండి, తప్పదంటే క్లిప్పర్‌తోనే తీయండి, రేజర్ వద్దు అని. రేజర్ కంటికి కనిపించని కోతలు పెడుతుంది, క్రిములు దూరేది అక్కడే. ట్రిమ్మర్ బ్లేడ్ చర్మాన్ని గీరదు, పైన సుమారు అర మిల్లీమీటర్ వదిలేస్తుంది. వెంట్రుక చర్మం లోపలికి మడిచి పెరిగే సమస్య కూడా దీంతో బాగా తగ్గుతుంది.

ఏ ట్రిమ్మర్ కొనాలి అని అడుగుతారు కాబట్టి మూడు ముక్కలు. గడ్డానికి వాడేది చాలు, బాడీ గ్రూమర్ అని రాసుంటేనే పనిచేస్తుందని కాదు. కానీ దువ్వెన తీసేసినప్పుడు బ్లేడ్ పళ్ళ చివరలు గుండ్రంగా ఉండాలి, మోకాలి వెనకాల చర్మం చాలా పల్చగా ఉంటుంది. రెండు కాళ్ళకి మొదటిసారి అరగంట పైనే పడుతుంది, కాబట్టి బాక్స్ మీద రన్‌టైమ్ 45 నిమిషాలకి తగ్గితే మధ్యలో ఆగిపోతారు. ఒక కాలితో ఆఫీసుకి వెళ్ళాలి. ఇక ఐపీఎక్స్7 రేటింగ్ అంటే ఒక మీటరు మంచినీళ్ళలో అరగంట తట్టుకుంటుందని మాత్రమే. షవర్ కింద సబ్బు నీళ్ళతో రోజూ వాడొచ్చని దాని అర్థం కాదు. తడి వెంట్రుకలు కలిసి అతుక్కుపోతాయి కాబట్టి ట్రిమ్మింగ్ ఎలాగూ పొడిగానే చేయాలి.

ఎపిలేటర్, వ్యాక్స్ వేర్ల నుంచి లాగుతాయి, వారాల పాటు ఉంటాయి. కానీ మగవాళ్ళ ముతక వెంట్రుకలు తిరిగొచ్చేటప్పుడు లోపలికి మడిచి పెరగడం ఎక్కువ. క్రీమ్‌లు తేలిక, కానీ కొందరికి చర్మం కాలుతుంది. ముందురోజు అరచేతి వెడల్పు చోట రాసి చూడకుండా రెండు కాళ్ళకీ రాయకండి.

రేజర్ తప్పదంటే, ఇలా చేయండి

మీట్ ఉంది, టైమ్ ట్రయల్ ఉంది, ఆ సెకన్లు కావాలి. అప్పుడు రేజర్ సరే. కానీ రేస్‌కి ముందు రాత్రి కాదు, రెండు రోజుల ముందు. అదే మొదటిసారి అయితే నెల ముందే ఒక ట్రయల్ వేసుకోండి. ప్రొడక్షన్‌లో నేరుగా డిప్లాయ్ చేయం కదా, అలాగే.

సాయంత్రం తీరిక ఉన్నప్పుడు మొదలుపెట్టండి. బాత్రూమ్ జాలీ మీద పాత గుడ్డ వేయండి, లేకపోతే మర్నాడు ప్లంబర్‌ని పిలవాలి. పేపర్ పరుచుకుని ముందు పొడి కాళ్ళని దువ్వెన లేకుండా ట్రిమ్ చేయండి. ఇది వదిలేస్తే మిగతాదంతా పాడవుతుంది, నాకు జరిగింది అదే. తర్వాత గోరువెచ్చని నీళ్ళతో సబ్బు పెట్టి స్నానం చేయండి. నాలుగైదు నిమిషాలు నీళ్ళు తగిలితే వెంట్రుక మెత్తబడుతుంది, తక్కువ బలంతో తెగుతుంది.

షేవింగ్ జెల్ రాసి ఒక నిమిషం ఆగండి. బ్లేడ్ కొత్తది. మొదటిసారి కాలికొకటి పెట్టుకోండి, పిసినారితనం ఇక్కడ వద్దు. వెంట్రుక వాలిన వైపే, అంటే కాలి మీద ఎక్కువ చోట్ల పైనుంచి కిందికి, నాలుగు వేళ్ళ వెడల్పు మించకుండా చిన్న చిన్న గీతలు లాగండి. రెండు గీతలకోసారి బ్లేడ్ కడగండి. చేతి బరువు మాత్రమే, నొక్కొద్దు. నొక్కాల్సి వస్తోందంటే బ్లేడ్ మొద్దుబారింది, మార్చండి. ఒకసారి అయ్యాక చేత్తో తడిమి చూసి, గరుకుగా ఉన్నచోట మళ్ళీ జెల్ రాసి అడ్డంగా ఒక్కసారి లాగండి. ఎదురు దిశలో లాగితే ఇంకా నున్నగా వస్తుంది, లోపలికి పెరిగే వెంట్రుకలు కూడా అక్కడి నుంచే వస్తాయి. నేనైతే ఆ మాత్రం గరుకు వదిలేస్తా.

కోతలు పడేది మూడు చోట్ల. మోకాలి చిప్ప మీద కాలు సగం మడిచి చర్మం బిగుతుగా ఉన్నప్పుడు చేయండి. మోకాలి వెనక అయితే కాలు చాచి పెట్టండి. చీలమండ ఎముక, పిక్క వెనక నరం దగ్గర రేజర్‌ని తిప్పకండి, చర్మాన్ని పక్కకి లాగి చదునైన చోటికి తెచ్చుకోండి. చేతులకైతే మోచేయి దగ్గర ఇదే పద్ధతి.

ఎక్కడ ఆపాలి అనేది చాలామంది అడగడానికి సిగ్గుపడే ప్రశ్న. సైక్లిస్టులు షార్ట్స్ అంచు నుంచి ఓ నాలుగు వేళ్ళ పైదాకా తీసి ఆపేయండి. సీటు తగిలే చోట, తొడల సందులో రేజర్ పెట్టొద్దు. అక్కడ చెమట, రాపిడి, ఒత్తిడి మూడూ ఉంటాయి. కొత్తగా మొలిచే ముతక వెంట్రుకలు దానికి తోడైతే సీటు పుండ్లు వస్తాయి. స్విమ్మర్లు కాస్ట్యూమ్ అంచు దాకా చేస్తే చాలు.

అయ్యాక చల్లటి నీళ్ళతో కడిగి, శుభ్రమైన టవల్‌తో అద్దండి, రుద్దొద్దు. వాసన లేని మాయిశ్చరైజర్ రాసి వదులు లుంగీ కట్టుకుని పడుకోండి. ఆల్కహాల్ ఉన్న ఆఫ్టర్‌షేవ్ వద్దు. ఒక రోజంతా పూల్, బిగుతు షార్ట్స్, ఎర్రటి ఎండ మానేయండి. రెండు మూడు రోజులు గడిచాక స్నానంలో పీచుతో గానీ, అమ్మ చేసిన సున్నిపిండితో గానీ మెల్లగా రుద్దితే మూసుకుపోయిన చర్మం తెరుచుకుని వెంట్రుక బయటికే వస్తుంది. మొదటిరోజే రుద్దితే మాత్రం మండిపోతుంది.

తేడా కొడితే ఎలా తెలుస్తుంది

షేవ్ అయిన కొన్ని గంటల్లో ఎర్రగా, మంటగా ఉంటే అది బ్లేడ్ రాపిడి. చల్లటి గుడ్డ వేసి వదిలేస్తే ఒకట్రెండు రోజుల్లో పోతుంది. ఒకట్రెండు రోజులు ఆగి, వెంట్రుక మొదళ్ళలో చీము తలలతో పొక్కులు వస్తే అది కుదుళ్ళ ఇన్ఫెక్షన్. గిల్లొద్దు, మళ్ళీ షేవ్ చేయొద్దు, పూల్‌లో దిగొద్దు. రేజర్ పారేయండి. మూడు నాలుగు రోజుల్లో తగ్గుముఖం పట్టకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. షాపువాడు ఇచ్చే "అన్నిటికీ పనిచేసే" ట్యూబ్ మాత్రం వద్దు. ఒకచోట ఎరుపు పక్కకి పాకుతూ, ముట్టుకుంటే వేడిగా, నొప్పిగా ఉండి, జ్వరం కూడా వస్తే ఆ రోజే చూపించుకోండి. షుగర్ ఉన్నవాళ్ళు కాళ్ళకి రేజర్ అసలు పెట్టకపోవడమే మంచిది.

ఇంకో చిన్న విషయం, మన సైట్ రీడర్స్ కోసం. చేతి వెంట్రుకలు తీస్తే స్మార్ట్‌వాచ్ హార్ట్‌రేట్ కరెక్ట్‌గా వస్తుందని ఎవరో చెబితే అదీ చూశా. రైడ్‌లో నా వాచ్ తప్పుడు నంబర్లు చూపించడం ఆగలేదు. హ్యాండిల్ పట్టుకున్నప్పుడు మణికట్టు వంగడం, రోడ్డు అదురు, వదులు పట్టీ, అసలు కారణాలు ఇవి. పట్టీ రెండు వేళ్ళు పైకి జరిపి ఒక రంధ్రం బిగించాక చాలావరకు సరిపోయింది. నా విషయంలో వెంట్రుకలకి దాంతో సంబంధం కనిపించలేదు.

వెర్డిక్ట్

వారాంతంలో గ్రూపుతో తొక్కేవాళ్ళకి, బ్రెవేలు చేసేవాళ్ళకి: షేవింగ్ అవసరం లేదు. సన్‌స్క్రీన్ రాసుకోడానికి, గాయం కడగడానికి ఇబ్బందిగా ఉంటే రెండు మూడు వారాలకోసారి ట్రిమ్మర్ వేయండి. ఒంటరిగా గడియారంతో పోటీపడేవాళ్ళకి: రేస్‌కి రెండు రోజుల ముందు కాళ్ళకి రేజర్, 9 నుంచి 105 సెకన్ల మధ్య ఏదో ఒకటి వస్తుంది, ఖర్చు మాత్రం రెండు బ్లేడ్లు. మీట్‌లో ఈదేవాళ్ళకి: కాళ్ళు, చేతులు రెండూ చేయండి, ఏడాదికి ఒకటి రెండుసార్లు మాత్రమే, ప్రాక్టీస్ కోసం కాదు.

మొన్న ఉగాదికి వెళ్ళినప్పుడు నాన్నకి ఈ లెక్కంతా చెప్పా. ఓపిగ్గా విన్నాడు. "అంటే తొమ్మిది సెకన్లో, నూట అయిదో నీకే తెలీదన్నమాట" అన్నాడు. అవును నాన్నా, అంతే. అమ్మ మాత్రం నా కాళ్ళు చూసి, వెంట్రుకలు మళ్ళీ వచ్చాయని సంతోషపడింది. ఈ ఏడు మా రిలే మీట్ మళ్ళీ ఉంది. బ్లేడ్లు కొత్తవి కొన్నా, క్యాలెండర్‌లో రెండు రోజుల ముందుకి రిమైండర్ పెట్టా. అయిదో మనిషిని కూడా రిజిస్టర్ చేయించాం.